అబౌట్ పేజీలో మొదటి వాక్యాలు ఎవరి గురించి?

ప్రశ్న: డిజైన్ కోర్సు ఈ ఏడాదే పూర్తయింది. ఉద్యోగం కాకుండా చిన్న వ్యాపారాలకు ఫ్రీలాన్స్‌గా పనిచేయాలనుకుంటున్నాను. వెబ్‌సైట్ అబౌట్ పేజీలో ఇలా రాశాను: "మేము ప్యాషనేట్, క్రియేటివ్ డిజైనర్లం. బ్రాండ్‌లకు ప్రాణం పోసే విజువల్ కథలు చెబుతాం. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఫిగ్మాలో మాకు ప్రావీణ్యం ఉంది." మూడు నెలలైనా ఒక్క ఎంక్వయిరీ రాలేదు. చేసిన అసలు పని ఒక్కటే, తెలిసినవాళ్ల ఫిజియోథెరపీ క్లినిక్ బోర్డు. దాని మీద ఫోన్ నంబరు రోడ్డు అవతలి నుంచి కనిపించడం లేదంటే సరిచేసి ఇచ్చాను. మిగతావన్నీ కాలేజీ ప్రాజెక్టులు. అనుభవం లేదని తెలియకుండా ఎలా రాయాలి?

జవాబు: మీరు రాసింది అబౌట్ పేజీ కాదు, రెజ్యూమె. సాఫ్ట్‌వేర్ పేర్లు, ప్రావీణ్యం, ప్యాషన్ అన్నీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసే మాటలు, వాళ్ల చేతిలో ఒక లిస్టు ఉంటుంది, అందులో ఇలస్ట్రేటర్ అని ఉంటే టిక్ పెట్టుకుంటారు. షాపు యజమాని దగ్గర అలాంటి లిస్టేమీ ఉండదు. తన బోర్డు వెలిసిపోయిందనో, ప్రింటర్ "ఈ లోగో పెద్దది చేస్తే మసకవుతుంది, అసలు ఫైలు తెండి" అన్నాడనో, పోయినసారి పని ఒప్పుకున్నవాడు సగంలో ఫోన్ ఎత్తడం మానేశాడనో ఆయన మీ పేజీకి వస్తాడు. అక్కడ "విజువల్ కథలు" అని కనిపిస్తే ఆయనకు ఏమర్థమవుతుంది చెప్పండి?

ఈ తప్పు నేనూ చేశాను. కౌన్సెలింగ్ మొదలుపెట్టిన కొత్తలో నా పేజీలో "విద్యార్థులకు సమగ్ర మార్గదర్శకత్వం" అని గొప్పగా రాసుకున్నాను. మొదటి ఫోన్ ఒక తండ్రి దగ్గర నుంచి వచ్చింది, పదో తరగతి లెక్కలకు ట్యూషన్ చెబుతారా అని.

ఇక మీ ప్రశ్నలో మీరు తేలిగ్గా చెప్పి వదిలేసిన మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ పేజీ అంతా దాని మీదే నిలబడాలి. నంబరు రోడ్డు అవతలి నుంచి కనిపించడం లేదు, సరిచేశారు. ఎలా సరిచేశారు? బోర్డులు చేసేవాళ్లు ఒక ఉజ్జాయింపు లెక్క వాడతారు, 10 అడుగుల దూరానికి అక్షరం ఎత్తు కనీసం 1 అంగుళం ఉంటే సులువుగా చదవగలమని. రోడ్డు అవతలివైపు 40 అడుగుల దూరం ఉందనుకుంటే అంకెలు 4 అంగుళాల ఎత్తు ఉండాలి. బోర్డు సైజు మారదు కాబట్టి ఆ చోటు కోసం ఇంకేదో తీసేయాలి, బహుశా చికిత్సల జాబితానో, మూలన ఉన్న బొమ్మనో తీసేసి ఉంటారు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని యజమానితో కూర్చుని తేల్చుకున్నారు కదా, డిజైనర్ పని అంటే అదే. దీన్ని "అనుభవం లేదు" కింద లెక్కేసుకుని దాచిపెట్టి, ప్యాషన్‌ని ముందు పెట్టారు!

నేనైతే ఇలా రాస్తాను, మీ వివరాలకు తగ్గట్టు మార్చుకోండి:

"చిన్న వ్యాపారాలకు బోర్డులు, లోగోలు, విజిటింగ్ కార్డులు డిజైన్ చేస్తాను. ఈమధ్య ఒక ఫిజియోథెరపీ క్లినిక్ బోర్డును, రోడ్డు అవతల నిలబడినా ఫోన్ నంబరు చదవగలిగేలా మార్చి ఇచ్చాను. ముందు మీ వ్యాపారం గురించి ఒక అరగంట మాట్లాడుకుందాం, తర్వాత రెండు నమూనాలు పంపిస్తాను, మీరు ఎంచుకున్నదానిలో రెండుసార్లు మార్పులు చేసిస్తాను. పని పూర్తయ్యాక ప్రింటర్‌కి ఇచ్చే ఫైలు, ఫోన్‌లో వాడుకునే ఫైలు రెండూ మీకే ఇచ్చేస్తాను. మీతో మాట్లాడేది, డిజైన్ చేసేది నేనే."

ఇందులో "క్లినిక్‌కి పేషెంట్లు పెరిగారు" అని రాయలేదు చూడండి. మీరు లెక్కపెట్టలేదు, నాకూ తెలియదు, పెరిగినా అది బోర్డు వల్లేనని ఎవరూ చెప్పలేరు. నంబరు చదవగలుగుతున్నారన్నది మాత్రం ఎవరైనా వెళ్లి చూసి ఒప్పుకోవాల్సిన విషయం. అంతవరకే చెప్పండి.

"మేము" అన్నది ఈరోజే తీసేయండి. కంపెనీలా కనిపించాలని చాలామంది కొత్తవాళ్లు అలా రాస్తారు, కానీ క్లయింట్ ఫోన్ చేస్తే మీరే ఎత్తుతారు, బిల్లూ మీరే పంపుతారు, రెండో ఫోన్‌కే సంగతి తెలిసిపోతుంది. అప్పుడు మిగతా మాటల మీదా అనుమానం వస్తుంది. పైగా చిన్న వ్యాపారి తనూ ఒక్కడే అన్నీ చూసుకునే మనిషి, చేసే మనిషితోనే నేరుగా మాట్లాడొచ్చంటే ఆయనకు హాయి.

ఫైళ్ల వాక్యం మీకు చిన్నదిగా అనిపించొచ్చు, చాలామంది ఇబ్బంది పడేది అక్కడే. వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ ఒక్కటే చేతిలో ఉంటుంది, దాన్ని బోర్డు సైజుకి సాగదీస్తే అంచులు మసకబారతాయి. వెక్టర్ ఫైలైతే గీతలూ ఆకారాలుగా ఉంటుంది కాబట్టి ఎంత పెంచినా చెదరదు. పేజీలో "వెక్టర్" అని రాయక్కర్లేదు, "ప్రింటర్‌కి ఇచ్చే ఫైలు" అంటే చాలు. కానీ అలా రాశాక ఇచ్చి తీరాలి. మళ్లీ మార్చుకోవడానికి వీలుండే వర్కింగ్ ఫైలు కూడా ఇస్తారా, దానికి వేరే ఫీజా అన్నది ముందే అనుకోండి, మొదటి ఫోన్‌లోనే అడిగేవాళ్లుంటారు.

కాలేజీ ప్రాజెక్టులు పెట్టండి, తప్పులేదు, కానీ ప్రతిదాని కింద "ఇది ప్రాక్టీస్ కోసం చేసింది" అని ఉండాలి. లేని కంపెనీకి చేసిన లోగోని నిజం పనిలా చూపిస్తే, ఆ యజమానితో ఒకసారి మాట్లాడతానని ఎవరైనా అడిగిన రోజున మీ దగ్గర జవాబుండదు. అనుభవం తక్కువని పేజీలో క్షమాపణ చెప్పుకోవద్దు, దాచనూ వద్దు, అడిగితే చెప్పండి.

రాశాక డిజైన్‌తో సంబంధం లేని ఒకరికి ఫోన్‌లో ఆ పేజీ తెరిచి ఇవ్వండి. పది సెకన్లయ్యాక ఫోన్ వెనక్కి తీసుకుని, ఈ మనిషి ఏం చేస్తాడు, ఎవరికి చేస్తాడు అని అడగండి. తడబడితే మొదటి వాక్యమే మార్చాలి. పైన మీ ఫొటో స్క్రీనంతా ఆక్రమించి, వాక్యాలు కిందికి పోయాయేమో కూడా చూసుకోండి, లాప్‌టాప్‌లో చూస్తే అది తెలియదు.

ఎంక్వయిరీలు మొదలయ్యాక వచ్చే ప్రశ్నల్ని గమనించండి. "వీడియోలు చేస్తారా" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే మీరు చేసే పని స్పష్టంగా లేనట్టు. ధర వినగానే మాయమైపోయేవాళ్లు ఎక్కువైతే, "ఇక్కడి నుంచి మొదలు" అని ఒక అంకె పేజీలోనే పెట్టండి, ఇద్దరికీ టైమ్ మిగులుతుంది. అసలు ఎవరూ పేజీకే రాకపోతే అది అబౌట్ పేజీ తిరగరాసినంత మాత్రాన తీరే సమస్య కాదు. మూడు నెలల్లో ఎంతమంది చూశారో ముందు లెక్క తీయండి. చూసింది పదిమందే అయితే తప్పంతా పేజీ మీద వేయలేం, వ్యాపారుల దగ్గరికి మీరే వెళ్లి, మాట్లాడాక లింక్ పంపాలి.

ఈలోగా క్లినిక్ వాళ్లను బోర్డు ఫొటో పెట్టుకోవచ్చా అని అడగండి. ఒప్పుకుంటే రోడ్డు అవతల నిలబడి తీయండి. దగ్గరికెళ్లి తీస్తే అది మామూలు బోర్డులాగే ఉంటుంది, మీరు ఏం సరిచేశారో ఎవరికీ కనపడదు.