పీనట్ బటర్ మీద తేలిన నూనె వంపకురా, కలుపు

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. మామూలు పీనట్ బటర్ మానేసి నేచురల్‌ది కొన్నావు, మూత తీస్తే పైన వేలెడు మందాన నూనె తేలి ఉంది, అది వంపేస్తే ఫ్యాట్ తగ్గుతుంది కదా పెద్దమ్మా, అప్పుడు స్పూనుకి మాక్రోస్, అంటే ఫ్యాట్, ప్రోటీన్, కార్బ్స్ ఎంతెంత రాసుకోవాలి అని అడిగావు. వంపేశాక అడుగుతున్నావో, వంపకముందు అడుగుతున్నావో మాత్రం రాయలేదు. నిన్ను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి ఈపాటికి వంపేసే ఉంటావనుకుని రాస్తున్నాను. ఆసుపత్రిలో డైట్ చార్టులు రాసినన్నాళ్లూ ఇదే ప్రశ్న చాలామంది అడిగారులే, నువ్వేం మొదటివాడివి కాదు.

అన్నిటికంటే ముందు స్పూను సంగతి తేల్చుకోవాలి. నువ్వు పంపిన కేలరీల యాప్ స్క్రీన్‌షాట్‌లో ఒక స్పూనుకి 190 కేలరీలు అని ఉంది. అది ఒక స్పూను లెక్క కాదు, రెండు స్పూన్లది. అమెరికా డబ్బాల మీద ఒక సర్వింగ్ అంటే రెండు టేబుల్ స్పూన్లు, అంటే 32 గ్రాములు. యాప్‌లో ఆ సర్వింగ్‌ని ఎవరో ఒక స్పూను కింద ఎక్కించి ఉంటారు, నువ్వు అలాగే తీసుకున్నావు. తలకొట్టి కొలిచిన ఒక టేబుల్ స్పూను పీనట్ బటర్ సుమారు 16 గ్రాములు తూగుతుంది. మన దగ్గర అమ్మే డబ్బాల మీద 100 గ్రాములకి ఎంతో రాసి ఉంటుంది కాబట్టి ఆ అంకెని 0.16తో గుణించుకుంటే నీ స్పూను లెక్క వస్తుంది. యాప్‌ని నమ్మడం మానేసి డబ్బా వెనక్కి తిప్పి చూడు.

ఇప్పుడు నేచురల్‌ది చూద్దాం. అందులో వేయించిన వేరుశనగ గింజలు, మహా అయితే కాస్త ఉప్పు, అంతే. 100 గ్రాములకి సుమారు 50 గ్రాముల ఫ్యాట్, 25 గ్రాముల ప్రోటీన్, 20 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, బ్రాండుని బట్టి ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అవుతాయి. స్పూనుకి ఫ్యాట్ 8, ప్రోటీన్ 4, కార్బ్స్ 3 పైచిలుకు, మొత్తం 100 కేలరీలు. గుర్తుపెట్టుకోవడానికి కూడా సులువే.

మామూలు దాంట్లో చక్కెర పోస్తారు కాబట్టి కేలరీలు బాగా ఎక్కువుంటాయని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూడు. ఒక డబ్బాలో వేరుశనగ 90 శాతం, చక్కెర 6, హైడ్రోజనేటెడ్ నూనె 3, ఉప్పు 1 శాతం ఉన్నాయనుకో. స్పూనుకి ఫ్యాట్ 7.7, ప్రోటీన్ 3.6, కార్బ్స్ 3.8 వస్తాయి, కేలరీలు 99. అంటే నేచురల్‌ది తిన్నా, ఇది తిన్నా నీ యాప్‌లో తేడా ఒకటి రెండు కేలరీలే! ఎందుకంటే చక్కెర గ్రాముకి 4 కేలరీలే, అది పక్కకి నెట్టింది వేరుశనగని, అందులో సగం ఫ్యాట్, ఫ్యాట్ గ్రాముకి 9. చక్కెర చేరినా కేలరీలు పెరగకపోవడం వెనక ఉన్నది ఇదే. పోయేది ఎక్కడంటే ప్రోటీన్ స్పూనుకి దాదాపు అర గ్రాము తగ్గింది, చక్కెర ఒక గ్రాము చేరింది. రోజుకి ఒక స్పూను తినేవాడికి ఇది పెద్ద విషయం కాదు, దానికోసం రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదని నేను ఎవరితోనైనా చెబుతాను.

చక్కెర లెక్క చూసేటప్పుడు మాత్రం ఒక చోట పొరబడొద్దు. వేరుశనగలో సొంతంగానే 100 గ్రాములకి 4, 5 గ్రాముల చక్కెర ఉంటుంది. అందుకే చక్కెర వేయని డబ్బా మీద కూడా టోటల్ షుగర్స్ దగ్గర సున్నా ఉండదు, అది చూసి మోసం అనుకోకు. నువ్వు చూడాల్సింది దాని కింద ఉండే యాడెడ్ షుగర్స్ అంకె. పదార్థాల పట్టిక కూడా చదువు, అది బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు, చక్కెర రెండో స్థానంలో ఉందంటే వేరుశనగ తర్వాత అన్నిటికంటే ఎక్కువగా పడింది అదే. బెల్లం, తేనె అని రాసి ఉన్నా నీ మాక్రోస్‌కి అది చక్కెరే. ఇక చాక్లెట్ రకాల జోలికి వెళ్లావంటే లెక్కే మారిపోతుంది, 100 గ్రాములకి యాడెడ్ షుగర్ 20 అని కనిపిస్తే స్పూనుకి 3 గ్రాములు దాటినట్టే, దానికి తగ్గట్టు వేరుశనగా ప్రోటీనూ కోసుకుపోతాయి. అది స్వీటు కింద రాసుకో, ప్రోటీన్ కింద కాదు.

నూనె దగ్గరికి వస్తాను. ఆ నూనె ఎవరో పైనుంచి పోసింది కాదురా, గింజ లోపలి నూనే. గింజని మెత్తగా రుబ్బినప్పుడు బయటికి వస్తుంది, పిండి బరువు కాబట్టి కిందికి దిగుతుంది, నూనె పైకి తేలుతుంది. మామూలు డబ్బాలో వేసే హైడ్రోజనేటెడ్ నూనె గది వేడికి కరగకుండా గట్టిగా ఉండి ఆ నూనెని కదలకుండా పట్టుకుంటుంది, అందుకే దాన్ని కలపక్కర్లేదు. నేచురల్ అని రాసి కూడా కలపక్కర్లేదంటే పట్టిక చూడు, చాలావరకు పామాయిల్ ఉంటుంది. చెన్నై ఎండలకి నేచురల్‌ది ఇంకా తొందరగా విడిపోతుంది, మే నెలలో మా వంటింట్లో బయట పెట్టిన డబ్బా మీద కొన్ని రోజులకే మళ్లీ నూనె నిలుస్తుంది.

సరే, వంపేశావు. ఏం మిగిలిందో చూద్దాం. నీది 500 గ్రాముల డబ్బా కదా, అందులో ఫ్యాట్ 250 గ్రాములు, ప్రోటీన్ 125, కార్బ్స్ 100, మొత్తం 3150 కేలరీలు. నువ్వు 50 గ్రాముల నూనె, అంటే నాలుగు టేబుల్ స్పూన్లకి కొంచెం తక్కువ వంపావనుకుందాం. 450 కేలరీలు సింక్‌లో పోయాయి. మిగిలిన 450 గ్రాముల్లో 2700 కేలరీలు. దాన్ని స్పూనుకి పంచితే ఫ్యాట్ 7.1, ప్రోటీన్ 4.4, కార్బ్స్ 3.6, కేలరీలు 96. స్పూనుకి నువ్వు మిగుల్చుకున్నది 4, 5 కేలరీలు, అంతే! వంపిన నూనె బరువు డబ్బాలోంచి కూడా పోయింది కాబట్టి మిగిలిన పిండి ఇంకా చిక్కబడింది, అదీ కిటుకు. పైగా ఆ పిండి జారదు, స్పూనుకి గుట్టలా అంటుకుని వస్తుంది. అలా 20 గ్రాములు తీశావంటే 120 కేలరీలు, తగ్గిద్దామని చేసింది కాస్తా పెరిగింది. ఎండిపోయింది కదా అని మళ్లీ ఒక స్పూను నూనె పోసి కలిపావనుకో, 120 కేలరీలు వెనక్కి వచ్చాయి.

వంపకుండా, కలపకుండా పైపైనే తీసుకుని తినేవాళ్లది ఇంకో రకం. అప్పుడు 16 గ్రాముల స్పూనులో 5 గ్రాములు నూనే వచ్చిందనుకో, మిగతా 11 గ్రాములే అసలు పీనట్ బటర్. ఫ్యాట్ 10.5, ప్రోటీన్ 2.7, కేలరీలు 114. అదే డబ్బా అడుగుకి వచ్చేసరికి ప్రోటీన్ 4.4 ఉన్న గట్టి ముద్ద. లేబుల్ మీద రాసింది డబ్బా మొత్తానికి సగటు, కలిపితేనే నీ స్పూనుకి వర్తిస్తుంది.

కాబట్టి కొత్త డబ్బా తెచ్చాక మూత గట్టిగా బిగించి ఒక రాత్రి తలకిందులుగా పెట్టు, నూనె అడుగునుంచి పైకి పాకుతూ పిండిలో కొంత దానంతటదే కలుస్తుంది. తెల్లారి పొడవాటి కత్తి గానీ, అట్లకాడ వెనక వైపు గానీ అడుగు దాకా దించి, అంచుల్ని గీరుతూ నెమ్మదిగా కలుపు. తొందరపడితే నూనె గట్టుదాటి నీ రూమ్మేట్ టేబుల్ మీద పారుతుంది. గట్టిగా తగిలే ముద్ద లేకుండా, గరిట జారుగా తిరిగేదాకా కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయి. చల్లదనానికి చిక్కబడుతుంది, నూనె మళ్లీ అంత తొందరగా పైకి రాదు. తడి స్పూను మాత్రం లోపలికి పెట్టకు. వాసన చూస్తూ ఉండు, వేయించిన గింజల కమ్మదనం పోయి పాత నూనె వాసన, నాలుక మీద చేదు తగిలితే పారేయాల్సిందే, కలిపితే బాగుపడేది కాదు.

కొలతకి ఇంకో మాట. మీ పీజీలో ఉన్నది టేబుల్ స్పూను అని ఎవరు చెప్పారు? కాఫీకి వాడే స్పూను, సాంబారుకి వాడే స్పూను అన్నీ ఒకటే సైజు కావు. నాలుగైదు వందలు పెట్టి చిన్న వంటింటి త్రాసు కొనుక్కో. డబ్బాని దాని మీద పెట్టి జీరో బటన్ నొక్కు, స్పూనుతో తీసుకో, స్క్రీన్ మీద మైనస్‌లో ఎంత కనిపిస్తే అంత నువ్వు తీసుకున్నట్టు. స్పూనుకి అంటుకున్నది, నాకినది అన్నీ లెక్కలోకి వస్తాయి. మన చేతికి గుట్టలా వచ్చే స్పూను 25, 30 గ్రాములు తూగుతుంది, ఒక స్పూనే తిన్నాను అని రాసుకునేవాళ్ల దగ్గర తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే, నేచురల్ మామూలు అన్న తగాదాలో కాదు.

ప్రోటీన్ కోసమే తింటున్నానంటావేమో, 25 గ్రాముల ప్రోటీన్ కావాలంటే ఆరు స్పూన్లు దాటాలి, 600 కేలరీలు పైనే. నాలుగు గుడ్లు తింటే దాదాపు అదే ప్రోటీన్, కేలరీలు సగం. దీన్ని నూనె, నెయ్యి ఖాతాలో రాసుకుంటే నీ రోజు లెక్క సరిపోతుంది.

ఇప్పుడు నీ దగ్గరున్న డబ్బాకి, నూనె నిజంగానే పోయింది కాబట్టి పైన చెప్పిన 96 లెక్కే పెట్టుకో, తూచి తిను. ఎండిపోయి బ్రెడ్ మీద రాయడానికి రాకపోతే ఓట్స్‌లోనో, వేడి పాలలోనో కలిపేయి, అక్కడ జారుగా ఉండాల్సిన పని లేదు.

పెద్దమ్మ