జీఎస్టీ రిటర్న్ ఆలస్యమైతే...

నేను తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నాను. ఏడాది అమ్మకం 25 లక్షలు దాటదు. హోటళ్లవాళ్లు ట్యాక్స్ బిల్లు కావాలంటే నిరుడు జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించాను. చేతిలో డబ్బు ఆడక జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల రిటర్న్‌లు వేయలేదు. 40 లక్షల లోపువాళ్లకు ఇవన్నీ అక్కరలేదు కదా? జరిమానా ఎంత పడుతుంది?

సరుకులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి 40 లక్షలే, తెలంగాణలో 20 లక్షలు. కానీ ఆ పరిమితి రిజిస్ట్రేషన్ తీసుకోవాలా వద్దా అన్నంతవరకే. ఇష్టపడి తీసుకున్నాక నెలనెలా రిటర్న్ వేయాల్సిందే, అమ్మకం సున్నా అయినా సరే.

మీ లెక్క మే 20న తేల్చుకున్నారనుకుందాం. నెలకు చెల్లించాల్సిన నికర పన్ను 9,000 అనుకోండి. జనవరి రిటర్న్ గడువు ఫిబ్రవరి 20, అంటే 89 రోజుల ఆలస్యం. రోజుకు 50 చొప్పున 4,450 కావాలి. అయితే కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్నవారికి ఒక్కో రిటర్న్‌కు ఆలస్య రుసుము 2,000 దాటదు. ఫిబ్రవరికి కూడా 2,000, మార్చికి 30 రోజులకు 1,500. ఏటా 18 శాతం వడ్డీ మూడు నెలలకూ కలిపి సుమారు 800. పన్ను కాక మొత్తం 6,300. రుసుము, వడ్డీ నగదుగానే కట్టాలి, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దుబాటు కాదు.

డబ్బు నష్టం ఇంతే. నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. పన్ను కట్టే నెలవారీ రిటర్న్ GSTR-3B జనవరికి వేయనందువల్ల జీఎస్టీ పోర్టల్ మీ ఫిబ్రవరి GSTR-1ను, అంటే అమ్మకం బిల్లుల వివరాలిచ్చే రిటర్న్‌ను, తీసుకోదు. మీ బిల్లు కనపడక హోటళ్లవారికి క్రెడిట్ రాదు. ఏ బిల్లు కోసం రిజిస్ట్రేషన్ తీసుకున్నారో ఆ ప్రయోజనమే పోతుంది. ఇలా వరుసగా ఆరు నెలలు గడిస్తే అధికారి రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. ముందుగా REG-17 నోటీసు వస్తుంది. జవాబుకు ఏడు పనిదినాల గడువు ఉంటుంది. ఆలోగా బకాయి రిటర్న్‌లన్నీ వేసి, పన్ను, వడ్డీ, రుసుము కట్టేస్తే అధికారి ఆ చర్య ఆపేస్తారు. రద్దయ్యాక అయితే పునరుద్ధరణకు 90 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి.

ఇంతకీ నోటీసు మీకు అందుతుందా? రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోను నంబరు, మెయిల్ అకౌంటెంటువైతే మీకు తెలియకుండానే గడువు దాటిపోతుంది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందిది ఇదే కథ. ఈ రోజే పోర్టల్‌లో చూసి, మీ సొంత నంబరు పెట్టించండి.

రిటర్న్‌లు వరుసలోనే వేయాలి, పన్ను పూర్తిగా కట్టనిదే ఏదీ దాఖలు కాదు. మూడు నెలలకూ ఒకేసారి డబ్బు కుదరకపోతే ముందు జనవరిది వేసేయండి, తర్వాత ఫిబ్రవరిది. హోటళ్లతో వ్యాపారమే మానుకోదలిస్తే రద్దుకు మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడూ బకాయిలు తీర్చాలి, రద్దయిన మూడు నెలల్లోగా చివరి రిటర్న్ GSTR-10 వేయాలి.