నెట్ ఎక్కువగా వాడుతున్నది ఏ పరికరం?

ప్రశ్న: రౌటర్ లెక్కల్లో నా ఫోను పేరే పైన ఉంది. నెట్‌ను నెమ్మదింపజేస్తున్నది అదేనా?

జవాబు: కాకపోవచ్చు, పది నిమిషాల తేడాతో రెండుసార్లు అంకెలు రాసుకుని తీసివేస్తే, ఎక్కువ పెరిగినదే ఇప్పుడు నెట్‌ను లాగుతున్న పరికరం. చాలా రౌటర్లు చూపేది, చివరిసారి ఆన్ చేసినప్పటి నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తం. కరెంటు మీటరు రీడింగ్ లాంటిదే.

ఉదాహరణకు ఫోను 14.20 జీబీ నుంచి 14.25కి, టీవీ 3.1 నుంచి 4.6కి చేరాయనుకుందాం. టీవీ పది నిమిషాల్లో 1.5 జీబీ, అంటే సెకనుకు సుమారు 20 మెగాబిట్లు తీసుకుంది. 4కే వీడియో నడుస్తుంటే ఇంత ఖర్చు మామూలే. అప్‌లోడ్ గడి కూడా తప్పక చూడండి: ఫొటోల బ్యాకప్ అక్కడే బయటపడుతుంది, అప్‌లోడ్ సామర్థ్యం నిండితే డౌన్‌లోడ్ కూడా నత్తనడక నడుస్తుంది.

నెట్ వాడుతున్న యాప్ పేరు కూడా రౌటర్ కచ్చితంగా చెబుతుందనుకోవడం చాలామంది పొరపాటు. సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి వెళుతుంది కాబట్టి, కొన్ని రౌటర్లు యాప్ పేర్లు చూపినా అది సర్వర్ చిరునామాను బట్టి వేసిన అంచనాయే. పరికరం తేలాక, యాప్ కోసం ఆ పరికరంలో డేటా వినియోగం సెట్టింగ్ ఉంటే అందులో చూడాలి.