ప్రహ్లాదుడి కథ చెప్పబోయే చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

వచ్చే ఆదివారం నుంచి మన నల్లగొండ గుడిలో పిల్లల క్లాసు నువ్వు తీసుకుంటున్నావని తెలిసి సంతోషమైంది. మొదటి కథ ప్రహ్లాదుడిదన్నావు. మన పిల్లల్లో చాలామంది యాదగిరిగుట్టకు పోయి నరసింహస్వామిని చూసినవాళ్లే కాబట్టి తొందరగా అందుకుంటారు. అయితే ఆ కథలో రెండు మూడు చోట్ల జాగ్రత్త కావాలి.

ఏనుగులు, పాములు, విషం, కొండ మీంచి తోయడం అన్నీ వరసగా చెప్పకు, ఒక్కటి చాలు. పేగుల వర్ణన అసలే వద్దు. అయిదేళ్ల పిల్లలు రాత్రి నిద్రలో ఉలిక్కిపడతారు.

ఆ టైమంతా వరం మీద పెట్టు. పగలూ రాత్రీ, ఇంట్లో బయటా, నేల మీదా ఆకాశంలో, మనిషి చేతిలో జంతువు చేతిలో, ఏ ఆయుధంతోనూ చావు రావద్దని హిరణ్యకశిపుడు అడిగాడు. అవన్నీ బోర్డు మీద రాసి, "మరి ఎట్లా?" అని అడిగి ఊరుకో. ఎవరో ఒకరు "పొద్దుగూకినప్పుడు" అంటారు. లోపలా బయటా అన్నచోట మాత్రం ఆగిపోతారు. అప్పుడు అందరికంటే అల్లరి చేసేవాణ్ణి పిలిచి, క్లాసు గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టించు. గడప తొక్కించకు, ఇళ్లల్లో తప్పంటారు. "వీడు లోపలున్నాడా, బయటున్నాడా?" అని అడిగితే జవాబు వాళ్లే అరుస్తారు. వాడికీ పని దొరికింది కాబట్టి ఆ పూట గొడవ ఉండదు.

గోల పెరిగితే నువ్వు గొంతు పెంచకు. స్తంభం దగ్గర కథ ఆపి మౌనంగా నిలబడు, వాళ్లే ఒకరినొకరు "ష్" అనుకుంటారు. "దేవుడు కళ్లు పోగొడతాడు" అని మాత్రం ఎప్పుడూ అనకు. ఒక పిల్లవాడి కోసం స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుణ్ణి చూపిస్తూ, ఆయన పేరుతోనే పిల్లల్ని బెదిరిస్తే వాళ్లు దేన్ని నమ్మాలి?

ఇంకొకటి. మా క్లాసులో ఒక బాబు అడిగాడు: "మా నాన్న తాగొచ్చి కొడతాడు. స్వామి ఆయన్ను కూడా చంపుతాడా?" నిన్నూ ఎవరైనా అట్లా అడిగితే ముందు "చంపడు" అని గట్టిగా చెప్పు. తర్వాత కథను సంహారం దగ్గర ఆపకుండా చివరిదాకా తీసుకుపో. వరం కోరుకొమ్మంటే ప్రహ్లాదుడు తన తండ్రి పాపం పోవాలని అడిగాడు. స్వామి, నీ తండ్రితో పాటు 21 తరాలు పవిత్రమయ్యాయన్నాడు.

అయితే అట్లా అడిగిన పిల్లవాడితో "ప్రహ్లాదుడిలా ఓర్చుకో" అనకు. ఆ మాట వింటే వాడు ఇక ఎవరికీ చెప్పుకోడు. క్లాసయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, తొందరపెట్టకుండా విను. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. ఇంట్లో వాడికి అండగా ఉండే పెద్దవాళ్లెవరో కనుక్కో. దెబ్బలు నిజమని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అక్క