క్లాస్‌మేట్ ఇంటర్వ్యూకి వస్తే మార్కులెవరు వేయాలి?

"పైడిభీమవరంలో మా ఫ్యాక్టరీలో ల్యాబ్ కెమిస్ట్ పోస్టుకి ఎల్లుండి ఇంటర్వ్యూ. ప్యానెల్లో ముగ్గురం, వచ్చేది ఐదుగురు. వారిలో ఒకడు శ్రీకాకుళంలో నాతో డిగ్రీ చదివాడు. వాడొక్కడికి మార్కులు వేయకుండా ఉంటే సరిపోతుందా?"

సరిపోదండీ. మిగతా నలుగురికి మీరు వేసే మార్కులు కూడా అతని స్థానాన్ని మార్చేస్తాయి. ఉదాహరణకి 50కి అతనికి ఇద్దరూ 38, 36 వేశారనుకోండి. సగటు 37. మరో అమ్మాయికి వాళ్లిద్దరూ 38, 37 వేశారు, మీరు 30 వేశారు. ఆమె సగటు 35కి పడిపోతుంది. మీరు లేకపోతే ఆమెది 37.5, అంటే ఆమే ముందు. మీది పక్షపాతం కాకపోవచ్చు, మామూలుగానే మీ చెయ్యి బిగువు కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే. ఇక సగటు తీయకుండా మొత్తం కూడితే, మీ గడి ఖాళీ కాబట్టి అతనే అన్యాయంగా వెనకబడతాడు.

అందుకే ఈ పోస్టుకి ఐదుగురి విషయంలోనూ తప్పుకోండి. ఇవాళే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి: ఎవరు, ఎక్కడ కలిసి చదివారు, ఇప్పుడు మాటలున్నాయా లేదా. నోటిమాటైతే తర్వాత ఎవరైనా అడిగినప్పుడు చూపడానికి ఏమీ ఉండదు. మీ బదులు క్వాలిటీ కంట్రోల్ పని తెలిసినవారిని కూర్చోబెట్టమనండి. దొరక్కపోతే మిగతా ఇద్దరే అందరికీ మార్కులు వేయాలి. ప్రశ్నలూ వాళ్లే రాసుకోవాలి, ఎందుకంటే అతనికి ఏది బాగా వచ్చో మీకు తెలుసు. చివరి చర్చలో కూడా కూర్చోకండి.

అతను ఫోన్ చేస్తే, "ఈ పోస్టు ప్యానెల్లో నేను లేనురా" అని మాత్రం చెప్పండి.