పండగ సేల్‌కి ముందు ధరల చిట్టా

చి. బుజ్జికి,

పండగ సేల్‌లో వాషింగ్ మెషీన్ కొందామనుకుంటున్నావు కదా. సేల్ ఎనిమిది వారాలుందనగానే ధర రాసుకోవడం మొదలుపెట్టు. రెండు వారాల ముందు మొదలుపెడితే లాభం లేదు. సేల్‌కి ముందు ధర పెంచి, సేల్ రోజున దించి చూపించే పద్ధతి ఒకటుంది. అప్పుడు చూడటం మొదలుపెడితే ఆ పెంచిన ధరే మామూలు ధర అనుకుంటావు.

ముందు మోడల్ నంబర్‌ను చివరి అక్షరం దాకా రాసుకో. "ఏడు కిలోల ఫ్రంట్ లోడ్" అంటే సరిపోదు. ఒక్క అక్షరం తేడాతో వచ్చే ఇంకో మోడల్‌లో మోటారు వారంటీయో, స్పిన్ వేగమో తక్కువ ఉండొచ్చు. ఆ రెండింటి ధరలూ పక్కపక్కన పెట్టి చూడటం తప్పు.

తర్వాత వారానికి రెండుసార్లు, బుధవారం ఒకటి, ఆదివారం ఒకటి చూసి రాయి. తేదీ, అమ్మే వ్యాపారి పేరు, చెల్లించే పేజీలో కనిపించిన మొత్తం, కార్డు తగ్గింపు: ఈ నాలుగూ వేర్వేరు గడుల్లో ఉండాలి. వస్తువు పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర కాదు, మీ పిన్‌కోడ్ ఇచ్చాక డెలివరీ, బిగింపు ఖర్చు కలిపి వచ్చే మొత్తమే రాయాలి. కార్డు తగ్గింపుకి విడిగా గడి ఎందుకో కింద చెప్తాను.

ఒక లెక్క వేసి చూపిస్తా. ఎమ్మార్పీ 42,000 అనుకో. ఎనిమిది వారాల్లో పదహారు ధరలు రాశావు. పదిసార్లు 27,990, మధ్యలో ఒక వారం రెండుసార్లు 26,490, చివరి రెండు వారాల్లో నాలుగుసార్లు 31,990. సేల్ మొదలయ్యాక ధర 26,990 అయింది, పైన "36 శాతం తగ్గింపు" అని ఉంది.

ఆ 36 శాతం ఎమ్మార్పీ మీద కట్టింది. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే, ఎవరైనా ఆ ధరకి కొన్నారని కాదు. దాన్ని పక్కన పెట్టేయ్. మొన్నటి 31,990తో పోలిస్తే 5,000 మిగిలినట్టు కనిపిస్తుంది. అదీ వద్దు. పదహారు ధరల సగటు కడితే 28,800 దాకా వస్తుంది, చివరి నాలుగు ధరలు దాన్ని పైకి లాగేశాయి. అందుకే సగటు కన్నా ఎక్కువసార్లు కనిపించిన ధరనే మామూలు ధరగా తీసుకోవడం మేలు. అది 27,990. అంటే అసలు తగ్గింది వెయ్యి రూపాయలు, నాలుగు శాతం కూడా లేదు. పైగా నెల కిందటి 26,490 కన్నా సేల్ ధరే 500 ఎక్కువ.

ఇప్పుడు కార్డు సంగతి. 10 శాతం తగ్గింపు, గరిష్ఠం 1,500 అంటే నీకు 2,699 రాదు, 1,500 వరకే. అప్పుడు 25,490 పడుతుంది. బాగానే ఉందనిపిస్తుంది గానీ, ధర 26,490 ఉన్న వారంలో కూడా అదే కార్డుకి 750 తగ్గింపు ఉండి ఉంటే అప్పుడు 25,740కి దొరికేది. తేడా 250 రూపాయలే. విడిగా గడి లేకపోతే ఈ సంగతి నీకు తెలియదు.

నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే ఇంకొంచెం జాగ్రత్త. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో ముందే తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ నీ మీదే పడుతుంది. వడ్డీ 1,200 అయితే 216 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. ఇవన్నీ సేల్ ధరకి కలిపి చూడు.

పాత ధరల గ్రాఫ్ చూపించే సైట్లు వాడుకో, పనికొస్తాయి. నువ్వు మొదలుపెట్టకముందు ఏం జరిగిందో వాటిలో కనిపిస్తుంది. అయితే కార్డు తగ్గింపులు, కూపన్లు గ్రాఫ్‌లోకి రాకపోవచ్చు. ఒక్క పూట ఎవరో చిన్న వ్యాపారి పెట్టిన తక్కువ ధర కూడా లోతైన గుంటలా కనిపించవచ్చు. గీత ఒక్కచోటే కిందికి దిగి వెంటనే లేచిందంటే దాన్ని లెక్కలోకి తీసుకోకు.

సేల్ కోసమే కొత్తగా దించిన మోడల్ అయితే పాత ధర ఉండదు, ఈ చిట్టా పనిచేయదు. అప్పుడు అదే సైజు, అదే స్పిన్ వేగం, అంతే వారంటీ ఉన్న పాత మోడల్ ధరతో పోల్చు. బట్టలకి ఇదంతా కుదరదు, రకాలు త్వరగా మారిపోతాయి.

సేల్ ముందు రోజు రాత్రి కొనే ధర ఒకటి కాగితం మీద రాసిపెట్టు. పై లెక్కలో అయితే నేను 25,500 అని రాస్తాను, అన్ని ఖర్చులూ కలిపి. ఈఎంఐ లేకుండా ఆ కార్డుతో 25,490కి వస్తే తీసుకో. 216 జీఎస్టీ కలిసి 25,706 అయిందంటే ఆగు, చిట్టా రాయడం మానకు.

ఆశీస్సులతో,
పెదనాన్న