ఫైర్ అలారం ప్యానెల్‌ని తెలుగు చేయమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

మేడమ్, మాది అనకాపల్లి. మా అమ్మాయి ఎం.ఏ. తెలుగు చేసింది, ఇంగ్లీషు కూడా బాగానే వచ్చు. పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్లు, ఏ మంటకి ఏ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వాడాలో చెప్పే చార్టునీ, ఫైర్ అలారం ప్యానెల్ సూచనలనీ తెలుగు చేసిపెట్టమన్నారు. పేజీలు తక్కువే. కానీ నిప్పుతో వ్యవహారం కదా, ఎక్కడైనా తేడా వస్తే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా? ఈ రకం పనిని నమ్ముకుని ముందుకు వెళ్లొచ్చా? — ఒక తండ్రి

ఒప్పుకోమనండి. కానీ ముందే ఒక షరతు పెట్టమనండి. కాగితాలు మెయిల్లో పంపిస్తే ఇంట్లో కూర్చుని చేసే పని కాదిది. ఆమెను ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లి గోడలకున్న సిలిండర్లనూ ప్యానెల్‌నూ చూపించాలి, సేఫ్టీ ఆఫీసర్ ఒక పూటైనా ఆమెతో కూర్చోవాలి. దీనికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ పని వదిలేయడమే మేలు.

ముందు చార్టు సంగతి. అది ఎక్కడిదో మొదట అడగమనండి. చాలా ఫ్యాక్టరీల్లో ఎవరో ఇంటర్నెట్లో దొరికిన అమెరికా చార్టును ప్రింటు తీసి పెట్టుకుంటారు. అమెరికా పద్ధతిలో క్లాస్ సి అంటే కరెంటు ఉన్న పరికరాల మంట. మన భారతీయ ప్రమాణాల్లో, యూరప్‌లో కూడా, క్లాస్ సి అంటే గ్యాస్ మంట. కరెంటుకి ఇక్కడ విడిగా అక్షరం లేదు. ఎ అంటే కర్ర, కాగితం, గుడ్డ లాంటివి, బి అంటే మండే ద్రవాలు, డి అంటే లోహాలు అన్నది రెండు చోట్లా ఒకటే, కాకపోతే అమెరికాలో గ్యాస్ మంటలు కూడా బి లోకే వస్తాయి. పెద్ద తేడా ఆ సి దగ్గరే వస్తుంది. చార్టులో ఉన్నది ఉన్నట్టు తెలుగు చేస్తే భాషలో ఒక్క తప్పూ ఉండదు, కానీ గోడ మీది సిలిండర్ ఒకటి చెబుతుంది, పక్కనున్న చార్టు ఇంకొకటి చెబుతుంది.

దీనివల్ల ఏమవుతుందో రెండు చోట్ల చూద్దాం. మొదటిది ఎలక్ట్రికల్ ప్యానెల్ రూమ్. అక్కడ సాధారణంగా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెడతారు, అందరూ సీవోటూ అంటారు. దాని లేబుల్ మీద బి అని మాత్రమే ఉందనుకోండి. అమెరికా చార్టు చదివిన ఆపరేటర్ సి కోసం వెతుకుతాడు, కనబడదు, ఇది కరెంటుకి పనికిరాదేమో అని వెనక్కి తగ్గుతాడు. నిజానికి అతనికి కావాల్సింది అదే. రెండోది క్యాంటీన్, ఎల్‌పీజీ సిలిండర్లున్న చోటు. గ్యాస్ మంటలో ముందు చేయాల్సింది వాల్వు కట్టేయడం. వాల్వు కట్టకుండా మంటను మాత్రం ఆర్పేస్తే, మండని గ్యాస్ గదిలో పోగై ఒక్కసారిగా పేలొచ్చు. అమెరికా చార్టులో సి వరుసలో ఉండే మాట కరెంటు ఆపమని. మనకి ఆ వరుసలో కావాల్సింది గ్యాస్ వాల్వు కట్టమని. అనువాదకురాలు ఇది గమనించకపోతే, అందరికంటే ముందు చేయాల్సిన పనే చార్టులోంచి తప్పిపోతుంది.

కాబట్టి అక్షరాలను పట్టుకుని కాకుండా చోటును పట్టుకుని రాయమనండి. తెలుగు చార్టులో మొదటి గడిలో సాల్వెంట్ డ్రమ్ముల షెడ్డు, కరెంటు ప్యానెల్ గది, క్యాంటీన్, అట్టపెట్టెల గోడౌన్ అని ఉండాలి. రెండో గడిలో ముందు ఏం ఆపాలి, మూడో గడిలో అక్కడ గోడకున్న ఏ సిలిండర్ వాడాలి. అక్షరం చివర చిన్నగా ఉంటే చాలు. ఇలా మార్చాలంటే సేఫ్టీ ఆఫీసర్ అనుమతి కావాలి. అందుకే ఆయన కూర్చోవాలన్నాను.

సాల్వెంట్ షెడ్డు దగ్గర ఆయన్ని ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఇక్కడ మిథనాల్, ఎసిటోన్ లాంటివి ఉన్నాయా? అవి నీళ్లలో కలిసిపోయే ద్రవాలు. మామూలు ఫోమ్ వాటి మీద పడితే నురగ విరిగిపోతుంది. వాటికి ఆల్కహాల్‌ను తట్టుకునే ఫోమ్ వేరే ఉంటుంది, లేదా పౌడర్ వాడాలి. చార్టులో ఫోమ్ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతే ఈ తేడా తెలియదు. మిథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు కూడా. ఆ ముక్క ఇంగ్లీషు చార్టులో లేకపోయినా, ఆఫీసర్ ఒప్పుకుంటే చేర్చొచ్చు.

వాడే విధానం రాసేటప్పుడు ఇంగ్లీషులో నాలుగు పదాల మొదటి అక్షరాలు కలిపిన PASS అనే గుర్తు ఉంటుంది. దానికి సరిపడే తెలుగు పొడి మాట కనిపెట్టాలని కష్టపడొద్దు. పిన్ను లాగండి, మంట అడుగుకి గురిపెట్టండి, హ్యాండిల్ నొక్కండి, అటూ ఇటూ ఊపండి అంటే సరిపోతుంది. సీవోటూకి మాత్రం రెండు మాటలు అదనంగా కావాలి. గ్యాస్ బయటికి వచ్చే దాని కొమ్ము వాడేటప్పుడు గడ్డకట్టేంత చల్లబడుతుంది, చేత్తో పట్టుకోకూడదు. దానికి ప్రెషర్ గేజ్ ఉండదు, నిండుగా ఉందో లేదో తూకం వేసి చూస్తారు. ‘ముల్లు పచ్చ రంగులో ఉందో చూడండి’ అన్న వాక్యాన్ని అన్ని సిలిండర్లకూ కలిపి రాసేస్తే, జనం సీవోటూ మీద లేని ముల్లు కోసం వెతుకుతారు.

ఇప్పుడు ప్యానెల్. నా లెక్కలో అసలు కష్టం ఇక్కడే. బటన్ల మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు మారవు కాబట్టి వాటిని తెలుగు చేయకూడదు. RESET అని ఉన్నదాన్ని ‘పునఃస్థాపన’ అని రాస్తే, రాత్రి షిఫ్టులో ఉన్న మనిషి ఆ బటన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. బటన్ పేరు అక్కడ ఉన్నట్టే ఉంచి, నొక్కితే ఏం జరుగుతుందో, ఏం జరగదో తెలుగులో చెప్పాలి. ఏం జరగదన్న భాగమే చాలామంది వదిలేస్తారు. నేనైతే ఇలా రాయిస్తాను:

ACKNOWLEDGE — ప్యానెల్ లోపలి బజర్ ఆగుతుంది. షెడ్లలో హూటర్లు మోగుతూనే ఉంటాయి. తెర మీద ఉన్న చోటు పేరు చూసి పుస్తకంలో రాయండి.

SIGNAL SILENCE — షెడ్లలో హూటర్లు ఆగుతాయి. మంట ఆరిందని కాదు. చూసి వచ్చినవాళ్లు మంట లేదని చెప్పేదాకా నొక్కొద్దు.

SYSTEM RESET — ప్యానెల్ మామూలు స్థితికి వస్తుంది. పొగ ఇంకా ఉంటే అలారం మళ్లీ మోగుతుంది. ఎవరైనా గోడకున్న అలారం బటన్, అంటే కాల్ పాయింట్, నొక్కి ఉంటే, ముందు దాన్ని తాళంచెవితో సరిచేయాలి. కారణం తెలిసేదాకా నొక్కొద్దు.

అలారం మోగగానే భరించలేక ముందు RESET నొక్కేసేవాళ్లుంటారు. తెర ఖాళీ అయిపోతుంది, ఎక్కడ మోగిందో ఎవరికీ తెలియదు. పాత సంఘటనలు ప్యానెల్ మెమరీలో ఉన్నా, వాటిని తీసి చూడటం రాత్రి షిఫ్టు గార్డుకి వచ్చి ఉండాలిగా! అందుకే చోటు పేరు రాసుకోమన్నది మొదటి బటన్ దగ్గరే రావాలి.

అమెరికా ప్యానెల్ అయితే TROUBLE అని, యూరప్ ప్యానెల్ అయితే FAULT అని పసుపు లైటు వెలుగుతుంది. రెండూ ఒకటే: మంట కాదు, వైరో బ్యాటరీయో డిటెక్టరో పాడైంది, ఆ వైపు నిప్పు పుడితే ప్యానెల్‌కి తెలియకపోవచ్చు. దీన్ని ‘సమస్య’ అని వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. DISABLED అని కనిపిస్తే ఎవరో కావాలనే ఆ భాగాన్ని ఆపారని అర్థం. వెల్డింగ్ పని కోసం ఆపి, తర్వాత ఆన్ చేయడం మరిచిపోవడం ఎక్కడైనా జరిగేదే. కొన్ని ప్యానెళ్లలో DRILL అనే బటన్ ఉంటుంది. వర్క్‌షాపు మనుషులకి డ్రిల్ అంటే రంధ్రాలు వేసే మెషీన్! ‘మాక్ డ్రిల్ కోసం హూటర్లన్నీ మోగించేది’ అని పూర్తిగా రాయాలి.

వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే పేజీ వాళ్లిచ్చిన మాన్యువల్లో ఉండదు. ప్యానెల్ పెట్టిన ఇంజినీరు ఒక్కో డిటెక్టర్‌కి పొట్టి ఇంగ్లీషు పేరు ఎక్కిస్తాడు. తెర మీద SOLV STR 2 అని వస్తుంది. ఫ్యాక్టరీలో మాత్రం దాన్ని అందరూ ‘పాత డ్రమ్ముల షెడ్డు’ అంటారు. ఆ పేర్ల జాబితా అడిగి తీసుకుని, ఎడమవైపు తెర మీద కనిపించే అక్షరాలు, కుడివైపు కార్మికులు పిలిచే పేరు, ఏ గేటు నుంచి వెళ్లాలో రాసి ప్యానెల్ పక్కన అతికించాలి. దీనికోసం ఆమె సూపర్‌వైజర్లతో కలిసి షెడ్లన్నీ తిరగాల్సిందే.

అంతా అయ్యాక ఈ పనిలో పాలుపంచుకోని ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లను పిలిచి, కాగితం ఇచ్చి, ‘తెర మీద ఇలా వచ్చింది, ఇప్పుడేం చేస్తావు?’ అని అడగమనండి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తలూపుతారు. నిజమైన ప్యానెల్ మీద మాత్రం సర్వీస్ టెక్నీషియన్ లేకుండా ఏ బటనూ ముట్టుకోవద్దు. కొన్ని చోట్ల అలారానికి ఏసీలు ఆగడం, మంటలార్పే గ్యాస్ విడుదలవడం లాంటివి కలిపి ఉంటాయి.

ప్రింటింగ్ దగ్గర ఇంకో చిక్కుంది. ఆమె యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తుంది, ఫ్లెక్సీ షాపు వాళ్లు పాత అను ఫాంట్లలోకి మారుస్తారు, అప్పుడు ఒత్తులు ఎగిరిపోవచ్చు. ‘నొక్కొద్దు’లో ఒత్తు పోతే చదివేవాడు ఆగి ఆలోచించాలి, ఆ సమయం అక్కడ ఉండదు. ప్రింటు వేసిన నమూనాను ఆమే చదివాకే గోడకెక్కించాలని ముందే చెప్పాలి. ప్రతి కాగితం అడుగున తేదీ, సేఫ్టీ ఆఫీసర్ సంతకం ఉండాలి. ఏ మంటకి ఏది వాడాలన్న నిర్ణయం ఆయనది, తెలుగు మీ అమ్మాయిది అన్న సంగతి రాతలో ఉంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక ముందుకు వెళ్లడం గురించి. నోటీసులు ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే రాశారు, అంటే ఈ అవసరం కొత్తది కాదు. కానీ ఫైర్ కాగితాల మీదే బతకొచ్చని నేను చెప్పను. ఒక ఫ్యాక్టరీకి ఒకసారి చేస్తే మళ్లీ ప్యానెల్ మారేదాకా పని ఉండదు. ఫ్యాక్టరీల వెంట తిరగడం కన్నా ఎక్స్‌టింగ్విషర్లు అమ్మేవాళ్లనూ అలారాలు బిగించి సర్వీసు చేసేవాళ్లనూ కలవడం మంచిది, వాళ్లకి పరవాడ, అచ్యుతాపురం నుంచి జీడిమెట్ల, శ్రీసిటీ దాకా కొత్త కస్టమర్లు వస్తూనే ఉంటారు. అదే ఫ్యాక్టరీలో రసాయనాల భద్రతా పత్రాలు, రిపేరు జరిగేటప్పుడు మెషీన్ ఆన్ కాకుండా తాళం వేసే పద్ధతి, వెల్డింగ్ పర్మిట్లు కూడా తెలుగు కావాల్సినవే. ఒడిశా, బిహార్ కార్మికులు ఉన్నచోట పక్కనే హిందీ గడి కూడా అడుగుతారు, అది చేసే మనిషి ఒకరు ఆమెకి తెలిసి ఉంటే మంచిది. అనువాదాన్ని చదువుగా కొనసాగించాలనుకుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువాద అధ్యయనాలకు ఒక కేంద్రం ఉంది.

డబ్బు విషయంలో మాటకింత అని లెక్క కట్టొద్దు. ఇలాంటి కాగితంలో మాటలు తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఫ్యాక్టరీకి వెళ్లే రోజులు, చోట్ల పేర్ల పట్టిక, ఆపరేటర్లతో పరీక్ష, ప్రింటు నమూనా చదవడం, అన్నీ కలిపి ఒక మొత్తం చెప్పి, సగం ముందుగా తీసుకోమనండి. ప్యానెల్‌లో పేర్లు మారితే పట్టికను మళ్లీ సరిచేయడానికి విడిగా చార్జీ ఉంటుందని కొటేషన్‌లోనే రాసేయాలి.